తొట్టి అడుగున తేరిన తెలివి

మా వీధిలో నన్ను ఆటపట్టించడానికి ఎవరూ పెద్దగా కష్టపడనక్కర్లేదు. "తొట్టి కడిగినావా సామీ?" అంటే చాలు. అడిగినవాడు నవ్వుకుంటూ పోతాడు, నేను పాలక్యాను పట్టుకుని తలవంచుకుని పోతాను. ఆ తొట్టి సంగతి ఊళ్ళో అందరికీ అరాకొరా తెలుసు. మొత్తం తెలిసింది ముగ్గురికే, నాకూ మా ఆవిడకూ గౌరికీ. గౌరి చెప్పదు. మా ఆవిడ చుట్టాలొచ్చినప్పుడల్లా చెబుతుంది, చెప్పిన ప్రతిసారీ నా బుద్ధి ఇంకాస్త తరిగిపోతుంది. ఇంకెవరో చెప్పేలోగా నేనే చెప్పేస్తే కొంతైనా పరువు మిగులుతుందని ఇప్పుడు కూర్చున్నాను.

మాది ఆవని. కోలారు జిల్లా, ముళబాగిలు తాలూకా. సీతమ్మ లవకుశుల్ని కన్నది మా కొండ మీదేనని, వాల్మీకి ఆశ్రమం ఇక్కడే ఉండేదని మా నమ్మకం. కొండ కింద నొళంబరాజుల నాటి గుళ్ళు ఉన్నాయి. రాముడి పేర ఒక లింగం, లక్ష్మణుడి పేర ఒకటి, భరత శత్రుఘ్నుల పేర చెరొకటి. శివరాత్రి రోజుల్లో ఇక్కడ పశువుల జాతర జరుగుతుంది. ఆ జాతరలో కొన్న హళ్ళికారు ఎద్దుల జత గురించి మా నాయన పోయేదాకా చెప్పుకున్నాడు. నేను బెంగుళూరులో ఒక గోదాములో ఇరవై రెండేళ్ళు జమాఖర్చులు రాసి, నడుం నొప్పి తప్ప ఇంకేమీ మిగలక ఊరికొచ్చాను. చెరువులు ఎండి బోర్లు వెయ్యి అడుగులు దాటిన మా సీమలో సేద్యాన్ని నమ్ముకున్నవాడికన్నా పొదుగును నమ్ముకున్నవాడే నయం. నేనూ ఒక సీమావును కొన్నాను. నలుపూ తెలుపూ మచ్చలది, తొలిచూలు ఈనినది. పేరు గౌరి.

రెండో ఈతకు గౌరి పెయ్యను వేసింది. పాలు పూటకు ఐదు లీటర్లకు తగ్గలేదు. ఆ ఏడు వానలు లేవు, బూసా ధర కొండెక్కింది. లెక్కలు రాసిన చేయి కదా, ఖర్చు ఎక్కడ కోయాలో వెతికింది. బూసా సగానికి కోశాను, ఆ పైనెల ఇంకో సగం. కడుపు నిండటానికి రాగిగడ్డి ఉంది, బోరు కింద నాలుగు సాళ్ళు నేపియర్ ఉంది. అయినా పాలు వెంటనే తగ్గలేదు. చూశావా, బూసా అంతా దండగేనన్నమాట, అని మా ఆవిడతో గొప్పలు పోయాను.

తగ్గని పాలు ఎక్కడినుంచి వస్తున్నాయని నేను అడగలేదు. ఇరవై రెండేళ్ళు గోదాములో సరుకు బయటికి పోతుంటే లోపలికి ఏం వచ్చిందని అడగడమే నా ఉద్యోగం. ఇంటికొచ్చేసరికి ఆ ప్రశ్న గుర్తు రాలేదు.

ఈనిన రెండు మూడు నెలలకు ఆవు ఎదకు రావాలి. రాలేదు. నాలుగో నెలా పోయింది. రాత్రి అరుస్తుందేమోనని కొట్టంలో మంచం వేసుకుని పడుకున్నాను. అది హాయిగా నెమరువేస్తూ నన్నే చూసేది. ఐదో నెలలో ఎద సూది వేయించాను. తీగ వేసిందో లేదో తెలియని ఎద ఒకటి వచ్చింది. చూడి సూది వేసే ఆయన వచ్చి వేశాడు. ఇరవై ఒక్క రోజులు లెక్కపెట్టాను, మళ్ళీ వచ్చింది. మళ్ళీ వేశాడు. ఆ తర్వాత ఎదా లేదు, చూడీ లేదు. తప్పు ఆయన చేతిదని ఒకరితో, నైట్రోజన్ డబ్బాలో గొట్టం చెడిపోయిందని ఇంకొకరితో, దిష్టి అని మా అత్తతో అన్నాను. సీతమ్మ కవలల్ని కన్న ఊళ్ళో నా ఆవు ఒక్క దూడను మోయలేకపోతోందని కొండెక్కి మొక్కి వచ్చాను. మెట్లు దిగుతుంటే మోకాళ్ళు నొప్పెట్టాయి. ఆవు మోకాళ్ళు ఎలా ఉన్నాయో చూడాలని మాత్రం తోచలేదు.

చూసి ఉంటే కనబడేది. పొద్దున లేపితే గౌరి ఒక్క ఊపున లేచేది కాదు. వెనక కాళ్ళు బిగదీసుకుని, వీపు కొంచెం గూనిగా పెట్టి, నాలుగడుగులు కర్రలా వేసి అప్పుడు సర్దుకునేది. వెంట్రుకల నలుపు ఎర్రబారి, పాత గొడుగు గుడ్డలా అయింది. అన్నిటికన్నా వింత దాని నోరు. సున్నం కొట్టిన గోడను నాకేది. పలుపుతాడు నమిలేది. మా ఆవిడ చెప్పు ఒకటి సగం తినేసింది. ఒకరోజు మేతకు వదిలితే దిబ్బ దగ్గర ఆగి, కుక్కలు వదిలేసిన ఎముక ముక్కను దవడకు అడ్డంగా పెట్టుకుని, చొంగ కారుస్తూ గంటసేపు నమిలింది. ఎముక పళ్ళకు తగిలి టకటకమనే చప్పుడు కొట్టం దాకా వినబడింది. "ఆవు ఎముక తినేదేందయ్యా, ఏ కాలమొచ్చె!" అని మా అత్త చెంపలు వేసుకుంది.

అప్పుడు నాకు మా నాయన గుర్తొచ్చాడు. సాయంత్రం ఎద్దులు ఇంటికొస్తే అరచేతిలో కల్లుప్పు పెట్టి నాకించేవాడు. అంతే, దీనికి ఉప్పు తక్కువైందని తేల్చేశాను. సంతలో ఉప్పు ఇటుక తెచ్చి గాటికి వేలాడగట్టాను. గౌరి దాని మీద పడింది. ఆ నాలుక గరగర చప్పుడు వింటుంటే నా తెలివికి నాకే ముచ్చటేసింది. వారం తిరగకుండా గోడ నాకడం తగ్గింది. పని అయిపోయిందనుకున్నాను. ఎముక నమలడం మాత్రం తగ్గలేదు, దాన్ని అలవాటు కింద జమకట్టాను.

ఉప్పు విషయంలో నేను సగం కరెక్టే. గడ్డిలో సోడియం బహు తక్కువ, పాలలో అది రోజూ పోతుంది, దాన్ని దాచుకునే చోటు ఆవు ఒంట్లో దాదాపు లేదు. అందుకే ఉప్పు తక్కువైతే పశువు నాలుకే చెబుతుంది. గోడ నాకుతుంది, చెమట పట్టిన మన చేయి నాకుతుంది, పక్క ఆవు మూత్రం తాగడానికి కూడా పోతుంది. పెడితే తనకు కావలసినంత నాకి ఆపుతుంది. నేను చేసిన తప్పు, ఉప్పును అడిగినట్టే మిగతావన్నీ కూడా అడుగుతుందిలే అనుకోవడం. అడగదు. రాగి తక్కువైందనీ జింకు తక్కువైందనీ ఏ ఆవూ నాలుక చాచదు. ఫాస్ఫరస్ ఒక్కటి తగ్గితే మాత్రం ఎముకలూ చెప్పులూ రాళ్ళూ నమలడం మొదలుపెడుతుంది. ఆ భాష నాకు రాదు.

బిగదీసిన నడకకు ఇంకో సొంత వైద్యం చేశాను. ఎముకంటే సున్నం, సున్నమంటే తమలపాకుల డబ్బాలో ఉన్నదేగా అని ఒక కుండలో సున్నం నానబెట్టి, పైన తేరిన తేటను రోజూ కుడితిలో పోశాను. నెలన్నర పోశాను. నడక మారలేదు.

చివరికి ఎనిమిదో నెలలో పశువుల డాక్టరును పిలిచాను. ఆవిడ చిన్న వయసు, మాట తక్కువ. వచ్చీ రాగానే వెనక్కి పోకుండా ముందుకు వెళ్ళి, గౌరి నోరు తెరిచి పళ్ళు చూసింది. ఆశ్చర్యపోయాను. "మీ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంటుంది కదా సార్. దాంతోనూ కుంటుతాయి. అదైతే పళ్ళ మీద గోధుమరంగు చారలు పడతాయి, పళ్ళు అరుగుతాయి, కాలి ఎముకల మీద బుడిపెలు చేతికి తగులుతాయి. దీనికి లేవు," అంది. తర్వాత పక్కటెముకలు ఒక్కొక్కటే తడిమింది. తోక చివర పట్టుకుని మెల్లగా వంచింది. నన్నూ పట్టుకోమంది. గట్టిగా కణుపులు తగలాల్సిన చోట తోక చింతబరికెలా వంగిపోయింది. అప్పటిదాకా నేను ఆ తోకను ఈగలు తోలుకునే వస్తువుగానే చూశాను.

చేతికి తొడుగు వేసుకుని లోపల పరీక్ష చేసింది. అండాశయాలు రెండూ చిన్నగా, చిక్కుడు గింజల్లా నున్నగా ఉన్నాయి, వాటి మీద ఏ పనీ జరగడం లేదు అంది. పని జరుగుతుంటే అక్కడ ఒక బుడిపె వేలికి తగలాలట. గర్భాశయంలో చీము లాంటిదేమీ లేదు. అంటే చూడి సూది వేసే ఆయన చేయీ మంచిదే, గొట్టమూ మంచిదే. విత్తనం వేయడానికి పొలం దున్నే ఉంటే కదా.

"ఏం పెడుతున్నారు?" అంది. గర్వంగా అప్పజెప్పాను. రాగిగడ్డి, నేపియర్, పిడికెడు బూసా, ఉప్పు ఇటుక, సున్నపు తేట.

"ఇందులో ఫాస్ఫరస్ ఎక్కడుంది సార్?"

నా దగ్గర జవాబు లేదు. ఆవిడ మా గాటి అరుగు మీద కూర్చుని, సుద్దముక్క తీసుకుని నేల మీద రాసింది. అప్పుడు మొదటిసారి నా ఆవు నాకు అర్థమయ్యే భాషలో కనబడింది, జమాఖర్చుగా.

లీటరు పాలలో కాల్షియం ఒకటింబావు గ్రాముల దాకా, ఫాస్ఫరస్ ఒక గ్రాముకు కొంచెం తక్కువ పోతాయి. పది లీటర్లంటే రోజుకు 12 గ్రాముల కాల్షియం, 9 గ్రాముల ఫాస్ఫరస్ నా క్యానులో పడి డైరీకి వెళ్ళిపోతున్నాయి. తిన్నదంతా ఒంటికి పట్టదు, సుమారు సగం పేడలో పోతుంది. కాబట్టి పాల వాటాకే దానికి రెట్టింపు నోట్లోకి పోవాలి, ఒళ్ళు నిలబెట్టుకునే వాటా వేరు. ఇక జమ చూడండి. ఎండుగడ్డిలో ఫాస్ఫరస్ ఎంత లేనట్టంటే, రోజల్లా నమిలినా పాల ఖర్చు కూడా తీరదు. బూసాలో దండిగా ఉంటుంది, దాన్ని నేనే కోసేశాను. సున్నంలో కాల్షియం ఉంది గానీ ఫాస్ఫరస్ రవ్వ కూడా లేదు. ఎముక కట్టాలంటే రెండూ కావాలి, ఇంచుమించు రెండింటికి ఒకటి వంతున. ఇటుకల లారీ తోలి సిమెంటు తోలకపోతే గోడ లేస్తుందా?

మరి పాలు ఎలా వచ్చాయి? ఎముకలు ఇచ్చాయి. ఒంట్లో ఉన్న కాల్షియంలో నూటికి 99 వంతులు, ఫాస్ఫరస్‌లో 80 పైచిలుకు వంతులు ఎముకల్లోనే ఉంటాయి. ఆవుకు ఎముక గాదె లాంటిది. తిండిలో రానిది గాదె గీకి పొదుగులో పోస్తుంది. ముందు గుల్లగా ఉండే ఎముకలు తగ్గుతాయి, పక్కటెముకలు, వెన్నుపూసలు, తోక. అందుకే రక్తం పరీక్ష చేయించినా కాల్షియం సరిగ్గానే ఉన్నట్టు చూపుతుందట. గాదెలోంచి తీసి దాన్ని సరిగ్గా ఉంచుతోంది మరి. ఫాస్ఫరస్‌కు అంత కట్టుదిట్టం లేదు, అది రక్తంలో పడిపోయి కనబడుతుంది. గౌరికి పడిపోయే ఉంది. నా గోదాములో ఎవరైనా ఎనిమిది నెలలు నిల్వలోంచి సరుకు తీసి అమ్ముకుంటూ లాభమని రాసి ఉంటే వాణ్ణి ఆ రోజే ఇంటికి పంపేవాణ్ణి.

ఎద రాకపోవడానికీ దీనికీ సంబంధమేమిటని అడిగాను. ఆవిడ చెప్పింది నాకు ఇలా ఎక్కింది. ఒంట్లో ప్రతి పనికీ శక్తిని చేతులు మార్చే పదార్థంలో ఫాస్ఫరస్ ఉంటుంది. అది తగ్గితే మొట్టమొదట ఆకలి మందగిస్తుంది. ఆకలి మందగిస్తే మిగతా మేతా తక్కువ తింటుంది. అప్పుడు ఒళ్ళు పొదుపు మొదలుపెడుతుంది. ప్రాణం ముందు, కళ్ళముందున్న దూడకు పాలు తర్వాత, ఇంకా పుట్టని దూడ అన్నిటికన్నా చివర. అండాశయం ఆ చివరి వరసలో కూర్చుని ఉంటుంది, వడ్డన అక్కడిదాకా రాదు. దానికి తోడు రాగి, జింకు, మాంగనీసు, కోబాల్టు, అయొడిన్ లాంటివి చిటికెడు చిటికెడు కావాలి. అవి తగ్గితే ఎద వచ్చినా మూగగా వస్తుంది. ఆవు అరవదు, తీగ సరిగ్గా వేయదు, పక్కదాని మీద ఎక్కదు. మనం రాలేదనుకుంటాం. వెంట్రుక ఎర్రబారడం రాగి తక్కువకు గుర్తు. అది కూడా నేను ఎండకు మాడిందనుకున్నాను.

ఈ సంగతి నాలాంటివాళ్ళకు కొత్త గానీ లోకానికి కొత్తేమీ కాదు. నూరేళ్ళ కిందట దక్షిణాఫ్రికాలో ఆర్నల్డ్ థైలర్ అనే పశువైద్యుడు, ఆర్మూడ్స్‌వ్లాక్టె అనే మేతబీడులో పశువులు ఎందుకు కుప్పకూలి చస్తున్నాయో వెతికాడు. ఆ నేలలో ఫాస్ఫరస్ లేదు, గడ్డిలోనూ లేదు. పశువులు ఆ లోటు తీర్చుకోవడానికి చచ్చిన జంతువుల ఎముకలు నమిలేవి, ఆ కుళ్ళిన ఎముకల్లోని విషం వాటిని చంపేది. శుభ్రమైన ఎముకల పొడి పెట్టగానే నమలడం ఆగింది, పశువులు బరువెక్కాయి, బాగా ఈనాయి. డాక్టరమ్మ ఈ ముక్క చెబుతున్నప్పుడు నేను మా దిబ్బ వైపు చూశాను. గౌరి ప్రాణాలతో ఉండటం నా గొప్ప కాదు.

మన దగ్గరా ఈ పని జరిగింది. బెంగుళూరు ఆడుగోడిలో 1995లో మొదలైన జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ ఏ ప్రాంతపు మేతలో ఏ ఖనిజం తక్కువో పరీక్షించి, ఆ చోటికి తగ్గ మిశ్రమాలను సూచిస్తూ వస్తోంది. నేను పనిచేసిన గోదాముకు అది పట్టుమని ఐదు మైళ్ళు లేదు. ఆ గోడ పక్కనుంచి బస్సులో ఎన్నిసార్లు పోయి ఉంటానో.

డాక్టరమ్మ పురుగులకు మందిచ్చి, బూసా మళ్ళీ మొదలుపెట్టమని, ఖనిజ మిశ్రమం రోజుకు 100 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు పెట్టమని చెప్పింది. సంచి మీద ఏం చూడాలో కూడా చెప్పింది. ఐ.ఎస్. 1664 ముద్ర ఉండాలి. ఉప్పు కలపని రకమైతే కాల్షియం 20 శాతానికి, ఫాస్ఫరస్ 12 శాతానికి తగ్గకూడదు, ఫ్లోరిన్ 0.07 శాతం దాటకూడదు. ఆ చివరిది మా ఫ్లోరైడ్ సీమవాళ్ళు మరీ చూసుకోవాలి, శుద్ధి చేయని రాతి ఫాస్ఫేటు కలిపిన చౌక పొడుల్లో అది దండిగా ఉంటుంది. వంద గ్రాముల మంచి పొడిలో 12 గ్రాముల ఫాస్ఫరస్. నేల మీది లెక్కలో ఆ అంకె వేస్తే, బూసాతో కలిసి ఖాతా సరిపోయింది.

ఇక్కడితో కథ అయిపోవాలి. నాలాంటివాడు ఉంటే అవదు.

ఐదు కిలోల సంచి తెచ్చాను. బూడిదరంగు పొడి, కొంచెం ఉప్పగా, కొంచెం తుప్పు వాసనగా ఉంది. బూసాలో కలిపితే గౌరి మూతి తిప్పుకుంది. రెండు రోజులు బతిమాలాను. మూడో రోజు నాకో ఉపాయం తట్టింది. కుడితి తొట్టిలో కలిపేస్తే నీళ్ళతో పాటు గుటుక్కున మింగేస్తుంది కదా! అలాగే చేశాను. రోజూ వంద గ్రాములు తూచి మరీ వేసి, కర్రతో తిప్పేవాణ్ణి. గౌరి చప్పరిస్తూ తాగేది. రెండు నెలలు గడిచాయి, రెండో సంచి మొదలైంది. నడకలో తేడా లేదు, ఎద లేదు. డాక్టరమ్మకు ఫోను చేసి, మీ పొడి పనిచేయలేదని కాస్త కటువుగానే అన్నాను.

"దేంట్లో కలుపుతున్నారు సార్?" అంది.

"కుడితిలో."

ఆవిడ కొంచెంసేపు మాట్లాడలేదు. "తొట్టి ఎప్పుడు కడిగారు?" అంది.

సిమెంటు తొట్టి అది, మా నాయన కట్టించింది. పైన నీళ్ళు పోస్తాం, పై నీళ్ళు ఆవు తాగుతుంది, మళ్ళీ పోస్తాం. అడుగు దాకా ఖాళీ చేసిన గుర్తు లేదు. నీళ్ళన్నీ తోడేసి మోచేతి దాకా చేయి పెట్టాను. అడుగున బెత్తెడు మందాన బురద. వేళ్ళతో ఎత్తితే చిక్కటి బూడిదరంగు ముద్ద, పాలమీగడలా మెత్తగా, మధ్య మధ్య ఇసుకలా గరుకు. అదే తుప్పు వాసన. మా ఆవిడ గంప తెచ్చి, ఒక్క మాట అనకుండా, దోసిళ్ళతో ఎత్తి గంపలో వేసింది. ఆరబెట్టి తూస్తే, నేను వేసిందాంట్లో పెద్ద వాటా అక్కడే ఉంది. సరిగ్గా ఎంతో చెప్పను, ఇంట్లో ఇప్పటికీ ఆ అంకె మీద తగవు ఉంది.

కాల్షియం, ఫాస్ఫరస్ కలిసి ఉండే ఆ లవణం నీళ్ళలో కరగదు. తిప్పినంతసేపే తేలుతుంది, ఆవు వచ్చి మూతి పెట్టేలోగా అడుక్కు చేరుతుంది. ఉప్పు లాంటివి మాత్రమే కరుగుతాయి. అందుకే గౌరి కుడితి అంత ఇష్టంగా తాగింది. రెండు నెలలు నేను నా తొట్టికి ఎముకల బలం ఇచ్చాను. మా ఊళ్ళో అంత గట్టి తొట్టి ఇంకోటి లేదని ఆ రోజునుంచే పేరు.

తర్వాత పద్ధతి మార్చాను. తడిపిన బూసాలో, వేళ్ళకు జిగురుగా అంటేంత తడిలో, మొదటి వారం 20 గ్రాములు, చిన్న బెల్లం ముక్కతో. అలవాటయ్యాక మెల్లగా వందకు తెచ్చి, పొద్దునకూ సాయంత్రానికీ పంచాను. పొడి బూసాలో కలిపితే ఆవు ఊది పక్కకు నెట్టేస్తుంది, తడిలో కలిపితే నెట్టలేదు. నెల తిరిగేసరికి ఎముకల జోలికి పోవడం మానింది. రెండో నెలలో చర్మం నిగనిగలాడింది. మూడో నెల దాటాక ఒక తెల్లవారుజామున వీధంతా లేచేట్టు అరిచింది. గాజులాంటి తీగ తోక దాకా వేలాడుతోంది. పొద్దున ఎద చూశాం కాబట్టి సాయంత్రం సూది వేయించాం, అదే ఆయన చేత. ఆయనకు కాఫీ ఇచ్చి, పోయిన ఏడు అన్న మాటలకు క్షమించమన్నాను. "మీరొక్కరేనా అనేది," అన్నాడు. మూడు నెలలకు డాక్టరమ్మ చేయి పెట్టి చూసి, చూడి అని చెప్పింది.

గాదె నిండటానికి మాత్రం ఇంకా ఎక్కువ కాలం పట్టింది. తోక చివర కణుపులు గట్టిపడ్డాయని నాకు తోచింది ఆ ఏడాది ఆఖరుకు. ఎముక నెలలో పోదు, నెలలో రాదు.

మూర్ఖత్వం ఒకవైపు తగ్గిస్తే ఇంకోవైపు పొంగుతుంది. చూడి చివరి నెలలో గౌరిని వట్టిపోనిచ్చాక, పోయినసారి తక్కువై ఇంత జరిగింది కదా, ఈసారి ఎక్కువే పెడదామని కాల్షియం టానిక్కు సీసాలు తెచ్చి, పొడికి తోడు పొద్దునా సాయంత్రం తాగించాను. ఎవరినీ అడగలేదు. ఈనింది, మళ్ళీ పెయ్యే. మర్నాడు రాత్రి పదింటికి చూస్తే గౌరి పడుకుని, మెడ వంచి తల డొక్కకు ఆనించుకుని ఉంది. చెవులు పట్టుకుంటే రాయిలా చల్లగా ఉన్నాయి. లేపితే లేవలేదు. పాలజ్వరం అంటారు దీన్ని. పేరులో జ్వరం ఉంది గానీ ఒళ్ళు చల్లబడుతుంది.

డాక్టరమ్మ అర్ధరాత్రి వచ్చి, 450 మిల్లీలీటర్ల కాల్షియం సీసాను మెడ నరంలోకి బొట్టుబొట్టుగా, గుండె మీద స్టెతస్కోపు పెట్టుకుని ఎక్కించింది. తొందరపడి ఎక్కిస్తే గుండె ఆగుతుందట. సీసా సగమయ్యేసరికి గౌరి ఒళ్ళు వణికింది, తేన్పు వచ్చింది, పేడ వేసింది. ఇంకో అరగంటకు లేచి నిలబడి దూడ కోసం చూసింది. నేను అరుగు మీద కూలబడ్డాను.

ఆవు రక్తంలో తిరిగే కాల్షియం మొత్తం సుమారు 3 గ్రాములు. ఈనిన రోజు పది లీటర్ల జున్నుపాలు దిగితే 20 గ్రాములకు పైనే పోతుంది. ఆ వేళ గాదె తలుపు ఒక్కసారిగా తెరుచుకోవాలి. ఆ తాళంచెవి మెడలోని ఒక చిన్న గ్రంథి దగ్గర ఉంటుంది. ఈనే ముందు మూడు వారాలు నోట్లో సీసాలు పోసి, గాదె తెరిచే అవసరమే లేకుండా చేశాను. గ్రంథి నిద్రపోయింది. అవసరమైన రాత్రి తాళం తియ్యడం మరిచిపోయింది. మూడో ఈతనుంచి పాల ఆవుల్లో ఈ ప్రమాదం ఎక్కువ. ఈనే ముందు కాల్షియం సీసాలు ఆపి, ఈనాక ఇవ్వాలట. నేను సరిగ్గా తిరగేసి చేశాను.

ఇంకొక్కటి ఒప్పుకోవాలి. గౌరి ఎదకొచ్చాక మా వీధిలో నేను ఖనిజ మిశ్రమానికి దళారిలా తయారయ్యాను. ఎవరి ఆవు కట్టకపోయినా పొడి పెట్టమనేవాణ్ణి. పక్కింటాయన ఆవుకు మూడు నెలలు పెట్టించాను, కట్టలేదు. చూస్తే దానికి గర్భాశయంలో చీము. ఇంకొకరిది పక్కటెముకలు లెక్కపెట్టేంత బక్కచిక్కింది, దానికి కావలసింది పొడి కాదు, కడుపునిండా మేత. చూడి నిలవకపోవడానికి ఖనిజాలు ఒక కారణం, అంతే. ఎముకలు నమలడం, వెంట్రుక రంగు పోవడం, బిగదీసిన నడక, నున్నటి అండాశయం, ఇన్ని కలిస్తేనే గౌరి కథ అయింది. ఆ మూడు నెలల పొడి డబ్బులు పక్కింటాయనకు నేనే ఇచ్చాను. ఆయన తీసుకున్నాడు కూడా.

మొత్తం నష్టం లెక్క వేశాను, చేయి ఊరుకోదు కదా. ఏడాదికి ఒక ఈత రావాల్సిన ఆవు దాదాపు ఏడాది ఆలస్యంగా ఈనింది. ఆ ఏడాది పోయిన పాలు, పోయిన దూడ, ఎద సూదులు, మొక్కుబడి, అర్ధరాత్రి డాక్టరు. మరోవైపు, నేను మిగిల్చిన బూసా డబ్బు. రెండు అంకెలూ ఒకే కాగితం మీద రాశాను. ఆ కాగితం మా ఆవిడ దాచింది, చుట్టాలొస్తే చూపిస్తుంది.

మీ ఇంట్లో ఆవు ఉంటే, పొడి కుడితిలో కలిపేవాళ్ళయితే, ఈ సాయంత్రం తొట్టి నీళ్ళు తోడేసి అడుగు ఒకసారి చేత్తో తడమండి.